ఒంటి కొలత, కుట్టు కొలత

మా ఇళ్ళలో ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకోవాలంటే దర్జీ దగ్గరికి స్వయంగా వెళ్ళడం తక్కువ. పరపురుషుని చేత ఒంటికి టేపు పెట్టించుకోవడం మన స్త్రీలకు ఇష్టం ఉండదు, ఉండకూడదు కూడా. అందుకని తమ్ముని చేతనో కొడుకు చేతనో ఒక పాత జాకెట్టు ఆదిగా పంపిస్తారు. “దీని మాదిరిగానే కుట్టమని చెప్పు” అంటారు. ఆ మాటలోనే సగం తప్పు దాగి ఉందని నాకు తెలియడానికి ఒక వలీమా రోజు పాడు కావలసివచ్చింది.

అది పన్నెండేళ్ళ కిందటి మాట. నేను బాలికల మద్రసాలో తజ్వీదూ ఫిఖహూ చెబుతాను. అస్ర్ నమాజు తరువాత ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చోవడం మా అమ్మీ మర్హూమా నుండి వచ్చిన అలవాటు. మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. వలీమాకు కట్టుకోవలసిన చీర మగపెళ్ళివారు పెట్టారు. జరీ నిండుగా ఉన్న పట్టుచీర. జాకెట్టు ముక్క చీర చివరనే ఉంది, 80 సెంటీమీటర్లు. చెడితే బజారులో మళ్ళీ కొనగల గుడ్డ కాదది. అమ్మాయి వేరే ఊళ్ళో చదువుకుంటోంది. వాళ్ళ అన్న చేత ఆది జాకెట్టు పంపింది. నేను దాన్ని బల్లమీద పరిచి కొలతలు తీసుకొని, బిస్మిల్లాహ్ చెప్పి కత్తెర పెట్టాను.

వలీమా నాడు ఆ పిల్ల జాకెట్టు తొడుక్కుంది. హుక్కులు పడ్డాయి గాని, పైన రెండు హుక్కుల మధ్య గుడ్డ నోరు తెరిచింది. చేయి కాస్త ఎత్తితే చంక కింద పట్టేసి జాకెట్టు మొత్తం పైకి లేచింది. “ఖాలా, ఊపిరాడటం లేదు” అని మెల్లగా అంది. బయట బంధువులు కూర్చున్నారు. కుట్లు విప్పి చూస్తే, గుడ్డ చాలదేమోనని నేను పక్కల్లో వదిలిన లోపలి మడత అతి కొద్ది. దాన్నంతా వదిలినా చుట్టుకొలతలో ముప్పావు అంగుళమే కలిసివచ్చింది. చివరకు చేతులు కత్తిరించగా మిగిలిన పీలికల నుండి రెండు చిన్న చౌబగలలు తీసి చంకల కింద అతికాను. పాతకాలపు కుర్తాలకు చంకలో వేసే చదరపు ముక్కే చౌబగల. జాకెట్టు ఒంటికి పట్టింది గాని, జరీ పువ్వు ఒకవైపు సగానికి తెగిపోయి కనిపించింది. ఆ పిల్ల ఆ రోజంతా శాలువా కప్పుకొని, ఎవరు ఆలింగనం చేసుకోబోయినా చేతులు సగమే ఎత్తుతూ గడిపింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ బరువయింది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ ఆది జాకెట్టును మళ్ళీ పరచి, నా చీటీ పక్కన పెట్టుకొని తప్పు ఎక్కడ జరిగిందో వెతికాను. మూడు చోట్ల దొరికింది.

మొదటిది చాతీ కొలతలో. నేను ఆది జాకెట్టును బోర్లా పరచి, వెనక భాగాన్ని ఒక చంక కుట్టు నుండి మరొక చంక కుట్టు వరకు కొలిచాను. 17 అంగుళాలు వచ్చింది. దాన్ని రెట్టించి 34 అనుకున్నాను. జాకెట్టుకు ముందు భాగమూ వెనక భాగమూ సమానంగా ఉండవని నాకు తెలియనిది కాదు, తొందరలో మరిచాను. ముందు వైపు టక్కులు ఉంటాయి. ఆ టక్కులు గుడ్డను గిన్నెలాగా లేపుతాయి. బల్లమీద పరిస్తే ఆ గిన్నె నలిగి మడతపడుతుంది. హుక్కులు పెట్టి, ముందు భాగాన్ని ఆ ఉబ్బు మీదుగా టేపు పోనిచ్చి మళ్ళీ కొలిస్తే 19½ వచ్చింది. 17కు 19½ కలిపితే 36½. నేను 34కు ఒక అంగుళం వదులు కలిపి 35కు కుట్టాను. అంటే ఒకటిన్నర అంగుళం తక్కువ. అసలు ఆ ఒక అంగుళం కూడా కలపకూడదు. ఎందుకంటే ఆది జాకెట్టులో వదులు ముందే కలిసి ఉంటుంది.

రెండవది చంక కొలతలో. భుజం కుట్టు చివర నుండి చంక కింది వరకు నేను టేపును నిటారుగా లాగి పెట్టాను. 6¾ వచ్చింది. రెట్టించి 13½, వంపు ఉంది గనుక మరో అంగుళం కలిపి 14½ అని రాసుకున్నాను. వంపును అంచనాతో కొలవడం ఏమి కొలత? టేపును అంచు మీద నిలబెట్టి, కుట్టు వెంట వంపు తిప్పుతూ కొలిస్తే వెనక 7½, ముందు 7¾, మొత్తం 15¼ తేలింది. ముందు వంపు వెనక వంపు కన్నా లోతుగా ఉంటుంది గనుక రెండూ వేరువేరుగా కొలవాలి. ఒకదాన్ని కొలిచి రెట్టించరాదు.

మూడవది గుడ్డది. ఆది జాకెట్టు ఎన్నో ఉతుకులు చూసిన నూలు గుడ్డ. అది ఒంటికి అలవాటుపడి సాగింది. పక్క కుట్లు ఒకసారి విప్పి మళ్ళీ వేసిన గుర్తు కూడా ఉంది. జరీ పట్టుకు ఆ సాగుడు లేదు. నూలులో సరిపోయే కొలత జరీలో బిగుస్తుంది.

అప్పటినుండి నేను ఆదిని సాక్షిగా మాత్రమే ఉంచుకుంటాను, తీర్పు మాత్రం ఒంటి కొలతకే ఇస్తాను. ఇంట్లో ఒక స్త్రీ మరొక స్త్రీకి కొలత తీయడానికి పది నిమిషాలు చాలు. తీసిన కొలతను చీటీ మీద రాసి పంపితే దర్జీకి మనిషిని చూడవలసిన పనే లేదు. కాని ఆ చీటీ మీద పైన ఒక మాట తప్పకుండా ఉండాలి: “ఇవి ఒంటి కొలతలు, వదులు కలపలేదు” అని. ఆ మాట లేకపోతే మనమొకసారి, దర్జీ ఒకసారి వదులు కలిపి జాకెట్టు సంచిలాగా తయారవుతుంది. లేదా ఇది కుట్టు కొలతే కాబోలని దర్జీ అనుకొని అసలు కలపక బిగించేస్తాడు. జాకెట్టు తెచ్చి నాకు చూపించి విలపించిన వారిలో ఎక్కువమందికి టేపు తప్పలేదు, ఈ మాట రాయకపోవడమే తప్పింది.

టేపు కూడా తప్పదని కాదు. మా అమ్మీ కాలం నాటి గుడ్డ టేపును ఒకసారి ఇనుప స్కేలు పక్కన పెట్టి చూస్తే, 36 అంగుళాల దగ్గర అర అంగుళం సాగి ఉంది. అంటే 36 ఉన్న ఒంటిని అది 35½ అని చెబుతుంది. పిల్లలకు సూరహ్ ముతఫ్ఫిఫీన్ పాఠం చెప్పేటప్పుడు, తూనికల్లో కొలతల్లో తగ్గించేవారిని గురించి వివరిస్తుంటే, వాళ్ళ కళ్ళ ముందు కిరాణా కొట్టు తక్కెడే ఉంటుంది. నాకు మాత్రం ఆ టేపు గుర్తుకు వస్తుంది. తెలియక వాడినన్నాళ్ళు పొరపాటు. తెలిసిన తరువాత దాన్ని ముక్కలుగా కత్తిరించి పారేశాను.

ఇక కొలత తీసే పద్ధతికి వస్తాను. పోయిన ఏడాది మా మద్రసాలో చదువు ముగించిన ఒక అమ్మాయికి తీసిన కొలతల చీటీనే ఉదాహరణగా తీసుకుంటాను. ఆమె తల్లి పరలోకం చేరి చాలా కాలమయింది. తల్లి దాచిపెట్టిన గద్వాల చీర ఒకటి ఉంది. దాని జాకెట్టు ముక్క ఎన్నడూ కత్తెర ఎరగనిది. “ఆపా, ఇది చెడితే మళ్ళీ రాదు” అని దాన్ని నా ఒడిలో పెట్టింది. పాత వలీమా సంగతి ఆ పిల్లకు తెలియదు. నాకు మాత్రం చేయి కొంచెం వణికింది.

కొలతకు ముందు ఒంటి మీద ఏమి ఉందో చూసుకోవాలి. వదులు కమీజు మీద తీసిన కొలత కమీజు కొలతే అవుతుంది. లోపల రోజూ వేసుకునే లోదుస్తు, దానిపై ఒంటికి అంటే పలుచటి కుర్తా గాని సరిపోయే జాకెట్టు గాని ఉండాలి. ఏ లోదుస్తు మీద కొలత తీశామో చీరనాడు అదే వేసుకోవాలి. అది మారితే చాతీ కొలతా మారుతుంది. మనిషి తిన్నగా నిలబడి, చేతులు పక్కకు వదిలి, మామూలుగా ఊపిరి తీస్తూ ఉండాలి. టేపు చూడగానే ఆడపిల్లలు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. అందుకని నేను ఏదో ఒక మాట అడుగుతాను. మాట్లాడుతున్న మనిషి ఊపిరి బిగబట్టలేదు.

చాతీ కొలతకు టేపు నిండుగా ఉన్న చోటు మీదుగా చుట్టూ తిరగాలి. ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ వీపు వైపే జరుగుతుంది. కొలిచేవారు ముందు నిలబడి అంకె చూస్తుంటారు. వెనక టేపు జారి నడుము వైపు దిగుతుంది. దిగిన టేపు ఏటవాలుగా తిరుగుతుంది గనుక అంకె మారిపోతుంది. అద్దం ముందు పక్కకు తిప్పి నిలబెడితే టేపు నేలకు సమంగా ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. టేపు కింద ఒక వేలు దూరేంత సడలింపు చాలు. ఈ అమ్మాయికి 37½ వచ్చింది.

చాలామంది ఇక్కడితో ఆగి, మిగతావన్నీ ఈ అంకె నుండే లెక్క కట్టేస్తారు. చాతీ 38 దాకా ఉంటే భుజం ఇంత, చంక ఇంత అని దర్జీల నోట ఒక లెక్క ఆడుతుంటుంది. అది సగటు మనిషికి సరిపోతుంది. నిండైన చాతీ, సన్నని ఎముకలు ఉన్న పిల్లకు సరిపోదు. అందుకే నేను రెండవ చుట్టు కూడా తీస్తాను: చంకల కింద నుండి, చాతీ నిండుదనానికి పైగా, వీపు మీదుగా. దీన్ని పై చాతీ అందాం. ఈ అమ్మాయికి అది 34. రెండింటి మధ్య మూడున్నర అంగుళాల తేడా. అంటే ఆమె ఎముకల కట్టు 34 మనిషిది. మిగిలిన మూడున్నర అంగుళాలు ముందు భాగంలో మాత్రమే ఉన్నాయి. 38 లెక్కన కత్తిరిస్తే భుజాలు జారిపోతాయి, చంకలు వేలాడతాయి, మెడ వెడల్పవుతుంది. తేడా రెండు అంగుళాల లోపు ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. అది దాటితే భుజాన్నీ చంకనూ చాతీ నుండి లెక్క కట్టకూడదు; విడిగా కొలిచి, ముందు భాగానికి కావలసిన నిండుదనాన్ని టక్కుల ద్వారా ఇవ్వమని చీటీ మీద రాస్తాను. టక్కు మొన ఎక్కడ ఆగాలో తెలియడానికి భుజం నుండి అక్కడికి ఉన్న దూరం కూడా రాయాలి.

భుజం కొలవడంలో కష్టమంతా ఎక్కడ ఆగాలన్నదే. ఎముక ఎక్కడ ముగిసి చేయి ఎక్కడ మొదలవుతుందో కంటికి కనపడదు. మా అమ్మీ ఒక ఉపాయం చెప్పేది. చేతిని పక్కకు భుజమంత ఎత్తుకు లేపమంటే, భుజం చివర చిన్న గుంట పడుతుంది. ఆ గుంట మీద వేలు ఉంచి, చేయి దించమని చెప్పి, ఆ వేలి చోట సుద్ద గుర్తు పెట్టాలి. రెండు వైపులా గుర్తులు పెట్టాక, వెనక నుండి మెడ కింద పొడుచుకువచ్చే ఎముక మీదుగా ఒక గుర్తు నుండి మరొక గుర్తుకు టేపు పెట్టాలి. ఈ అమ్మాయికి 13¾ వచ్చింది. ఆమె తెచ్చిన పాత జాకెట్టులో భుజం 14¾ ఉంది. ఒక్కో వైపు అర అంగుళం చేతి మీదికి జారి కూర్చునేది. “నాకు ఎప్పుడూ భుజం జారుతుంది ఆపా, నా భుజాలే వాలుగా ఉన్నాయేమో” అని ఆమె అన్నది. భుజాల దోషం లేదు, కొలతదే. వెనక మెడ బాగా లోతుగా కోరేవారికి భుజం మరి కాస్త తగ్గించవలసివస్తుంది. మన ఇళ్ళలో ఆ కోరిక తక్కువే గనుక దాన్ని వదిలేస్తున్నాను.

చంక దగ్గర కొంచెం నిదానించాలి. ఎక్కువ జాకెట్లు చెడేది ఇక్కడే. భుజం మీది సుద్ద గుర్తు నుండి మొదలుపెట్టి, ముందు నుండి చంక కిందకు, వెనక నుండి పైకి వచ్చి మళ్ళీ గుర్తును చేరాలి. చేతిని కొంచెం లేపి టేపు పెట్టాక, చేయి పూర్తిగా కిందకు దించమని చెప్పి అప్పుడే అంకె చూడాలి. చేయి లేపి ఉండగా చూసిన అంకె నిజం కాదు. టేపు చంకను తాకాలి, కొయ్యకూడదు. ఈ అమ్మాయికి 14¾. వదులు ఒక అంగుళం కలిపితే కుట్టు కొలత 15¾.

పాత జాకెట్టు చంక పట్టేస్తోందని ఎవరైనా అనగానే దర్జీ చేసే పని చంకను ఇంకా కిందకు తవ్వడం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. అది రోగానికి తప్పు మందు. చంక కిందకు దిగిన కొద్దీ చేతిని జాకెట్టుకు కలిపే కుట్టు కూడా నడుము వైపు దిగుతుంది. అప్పుడు చేయి ఎత్తితే చేతితో పాటు జాకెట్టు పక్క మొత్తం పైకి లేస్తుంది. చంక ఒంటికి దగ్గరగా, ఎత్తులో ఉంటేనే చేయి స్వేచ్ఛగా ఆడుతుంది. నమ్మకం కుదరనివారు ఇంట్లోనే రెండు జాకెట్లు వేసుకొని చూడవచ్చు: చంక లోతుగా ఉన్నదానితో పై అలమర అందుకుంటే నడుము దగ్గర ఎంత లేస్తుందో, చంక ఎత్తుగా ఉన్నదానితో ఎంత లేస్తుందో. పట్టేయడానికి కారణం తరచుగా వేరే చోట ఉంటుంది. దండ దగ్గర చేయి ఇరుకు కావచ్చు, పై చాతీ దగ్గర వెడల్పు చాలకపోవచ్చు, భుజం జారి కూర్చోవడం వల్ల చేతి కుట్టు చంకను లాగుతూ ఉండవచ్చు. ముడత ఏ దిక్కుకు లాగుతుందో చూస్తే తెలుస్తుంది. చేతి చుట్టూ అడ్డంగా ముడతలు పడితే దండ ఇరుకు. చంక నుండి చాతీ వైపు గీతలు లాగితే ముందు భాగం చాలలేదు. చంక కిందే గుడ్డ గుచ్చుకొని ఎర్రని గీత పడితే మాత్రం చంక నిజంగానే చిన్నది. అప్పుడు పావు అంగుళం చొప్పున తవ్వి చూడాలి గాని ఒకేసారి అంగుళం కాదు.

చంక కొలతను కాగితం మీద సరిచూసుకోవడం కూడా అవసరం. కాగితం నమూనా మీద వెనక వంపు, ముందు వంపు కలిపితే 15¾ రావాలి. ఈ లెక్క కత్తిరించిన అంచు మీద చూడకూడదు, కుట్టు గీత మీద చూడాలి. చంక లోపలికి వంగిన గీత. అంచు నుండి అర అంగుళం లోపలికి కుట్టు పడితే ఆ మేరకు చంక రంధ్రం పెద్దదవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు అంచును చూసి, చిన్నదిగా ఉందని భయపడి ముందే తవ్వేస్తారు. కుట్టిన తరువాత వెడల్పయి కూర్చుంటుంది.

చేతి కొలతలో మన అవసరం దర్జీకి తెలియదు. అతను పొడవు, అంచు దగ్గర చుట్టు, ఈ రెండే అడుగుతాడు. నేను నాలుగు తీస్తాను. భుజం గుర్తు నుండి కావలసిన చోటి వరకు పొడవు. దండ నిండుగా ఉన్న చోట చుట్టు. మోచేయి దగ్గర చుట్టు. అంచు ఆగే చోట చుట్టు. చేయి మోచేతిని దాటేదయితే మోచేయి వంచి పొడవు తీయాలి, టేపు మోచేతి మొన మీదుగా పోవాలి. ఈ అమ్మాయి మోచేతికి నాలుగు వేళ్ళు కిందకు రావాలని కోరింది. చేయి చాచి కొలిస్తే 16½, వంచి కొలిస్తే 17. ఆ అర అంగుళం వదిలేస్తే, రొట్టెలు ఒత్తేటప్పుడు చేయి వంచిన ప్రతిసారీ అంచు పైకి పాకుతుంది. దండ చుట్టు 11½. వదులు ఒకటిన్నర కలిపి 13.

అంచు దగ్గర ఆమె ముంజేయి చుట్టు 8½. దర్జీ అయితే అర అంగుళం కలిపి 9 పెడతాడు, చూడటానికి అందంగానే ఉంటుంది. కాని వుజూ సంగతి ఏమిటి? మోచేతుల దాకా కడగాలి, మోచేయి కూడా తడవాలి. అంటే ఆ అంచు మోచేతిని దాటి పైకి పోవాలి. ఆమె మోచేయి చాచి ఉంటే 9¾, వంచితే 10½. తొమ్మిది అంగుళాల అంచు పైకి పోదు. బలవంతంగా తోస్తే కుట్టు తెగుతుంది, లేదా మోచేయి దగ్గర చర్మం పొడిగానే మిగిలిపోతుంది. మా పిల్లల్లో కొందరు పెళ్ళిళ్ళలో జొహర్ వుజూ కోసం జాకెట్టు మొత్తం విప్పవలసివచ్చి, ఆ ఇబ్బందిలో నమాజు ఆలస్యం చేయడం నేను చూశాను. దీనికి రెండు దారులు. అంచునే 10½ పెట్టడం ఒకటి. ఆమెకు అది గంటలాగా విచ్చుకున్నట్టు కనిపించి నచ్చలేదు. రెండవది అంచు 9 ఉంచి, లోపలి వైపు కుట్టులో మూడు అంగుళాల చీలిక వదిలి, రెండు హుక్కులు పెట్టడం. అయితే చీలిక ముగిసే చోట చేతి చుట్టు 10½కు తగ్గకూడదు. అక్కడ ఇరుకయితే చీలిక ఉన్నా లేనట్టే. ఆమె రెండవదాన్నే ఎంచుకుంది.

అంకెలు చెప్పేవారు ఒకరు, రాసేవారు ఒకరు ఉంటే మంచిది. నేను “ముప్పై ఏడున్నర” అంటే రాసే పిల్ల “చాతీ ముప్పై ఏడున్నర” అని తిరిగి చదవాలి. హిఫ్జు చేసే పిల్లల సబక్ విన్నట్టే. టేపుకు ఒకవైపు అంగుళాలు, మరొకవైపు సెంటీమీటర్లు ఉండటం వల్లా, 6ను 9గా తలకిందులుగా చదవడం వల్లా పడే తప్పులు ఇక్కడే దొరికిపోతాయి. ప్రతి కొలతా రెండుసార్లు తీయాలి. రెండింటికీ పావు అంగుళం మించి తేడా వస్తే మూడవసారి తీయాలి. సగటు కట్టకూడదు, రెండింటిలో ఒకటి తప్పు, సగటు కడితే ఆ తప్పులో సగం మిగిలిపోతుంది.

చీటీ మీద నేను పేరు రాయను, ఒక గుర్తు సంఖ్య రాస్తాను. ఒక స్త్రీ ఒంటి కొలతలు దుకాణం బల్లమీద ఆమె పేరుతో పడి ఉండటం నాకు సమ్మతం కాదు. పని అయ్యాక చీటీని వెనక్కి తెప్పించుకోవాలి. ఒక నకలు మాత్రం ఇంట్లో ఉంచుకోవాలి. ఖుదూరీ పాఠంలో దర్జీకీ బట్ట యజమానికీ వివాదం వచ్చే మసలా ఉంది: యజమాని ఖబా కుట్టమన్నానంటాడు, దర్జీ ఖమీసు అన్నావంటాడు, ప్రమాణంతో యజమాని మాటే చెల్లుతుంది. ఈ మసలా వచ్చినప్పుడల్లా పిల్లలు నవ్వుకుంటారు. ఆ ఇద్దరి దగ్గరా ఒక చీటీ ఉండి ఉంటే ఖాజీ దాకా పోవలసిన పని ఉండేది కాదు.

ఆ గద్వాల ముక్కను మేము వెంటనే కత్తిరించలేదు. ముందుగా ఒక పాత దుప్పటి గుడ్డతో అదే కొలతలకు కచ్చా కుట్లతో జాకెట్టు కుట్టి తొడిగాను. ఖరీదైన గుడ్డ అయితే, మళ్ళీ దొరకనిదైతే, ఈ శ్రమ తప్పనిసరి. అద్దం ముందు నిలబెట్టి చూడటంతో ఊరుకోలేదు. భుజాల దాకా చేతులెత్తి తక్బీర్ చెప్పినట్టు నిలబడమన్నాను. కింది అంచు ఒక వేలు కన్నా ఎక్కువ లేవలేదు. రుకూలో వంగమన్నాను, వీపు మీద గుడ్డ పట్టలేదు. సజ్దాలో చేతులు ముందుకు పోయినప్పుడు మాత్రం వీపు అడ్డంగా, ఒక చంక నుండి మరొక చంక దాకా, గుడ్డ బిగిసి గీత కట్టింది. వెనక భాగానికి ఒక్కో వైపు పావు అంగుళం ఇచ్చి మళ్ళీ తొడిగితే ఆ గీత పోయింది. ఒంటి కొలత నిలబడి ఉన్న మనిషిది; ఈ పావు అంగుళం టేపు ఎన్నిసార్లు పెట్టినా దొరికేది కాదు. దాన్ని చీటీలో కలిపి రాసి, దుప్పటి జాకెట్టు విప్పి, ఆ ముక్కలనే నమూనాగా గద్వాల గుడ్డ మీద పరిచాను. పక్కల్లో లోపలి మడత ఈసారి ముక్కాలు అంగుళం పూర్తిగా వదిలాను.

ఆ పిల్ల జాకెట్టు తొడుక్కొని ముందుగా కుళాయి దగ్గరికి వెళ్ళింది. రెండు హుక్కులు తీసి, చేతిని మోచేయి దాటించి, నీళ్ళు పోసుకొని చూసి వచ్చింది. తడి చేతులతోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, “ఆపా, మా అక్కకు కూడా ఇలాగే ఒక చీటీ రాసిపెడతారా? తను ఆది జాకెట్టే పంపిస్తానంటోంది” అని అడిగింది. ఆదివారం అస్ర్ తరువాత మనిషినే తీసుకురమ్మన్నాను.